23 మంది ఉన్న ఆఫీసుకి హాజరు మిషను: వేలా, ముఖమా, కార్డా? (గుంటూరు)

యార్డు_లెక్కలు | ఫిబ్రవరి 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే చిన్న సంస్థ. నేను లెక్కలు చూస్తాను. ఆఫీసులో 9 మందిమి, గోడౌన్‌లో కాటా, లోడింగు చూసేవాళ్ళు 6 మంది, షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళు 8 మంది. మొత్తం 23. ఇన్నాళ్ళూ రిజిస్టరులో సంతకాలే. పోయిన నెల ఒకతను రాని రోజు కూడా సంతకం ఉంది. వేరే అతను పెట్టేశాడు. దాంతో మా ఓనరు గారు పట్టుబట్టి థంబ్ మిషను తెమ్మంటున్నారు. పక్క గోడౌన్‌లో ముఖం మిషను చూసొచ్చి నిన్నటి నుంచి అదీ అంటున్నారు. డీలరు మూడూ ఉన్న మిషను ఒకటి వారం రోజులు ట్రయలుకి ఇస్తానన్నాడు.

నా అనుమానాలు రెండు. మిర్చి చేతులకి థంబ్ పడుతుందా? మా వాళ్ళు "వేలు ఇస్తే బ్యాంకులో డబ్బులు పోతాయట గదా" అంటున్నారు, వాళ్ళకి ఏం చెప్పాలి?

---

సత్తిబాబు_తణుకు | ఫిబ్రవరి 3, రాత్రి 10:05

థంబ్ పెట్టేయండి గురూ, ఇంకేం ఆలోచించకండి. మా రైసు మిల్లులో నాలుగేళ్ళుగా ఉంది. మొదట్లో పడేది కాదు, సెట్టింగ్స్‌లో మ్యాచింగు లెవెలు తగ్గించాం. ఇప్పుడు ఎవరు పెట్టినా టకీమని పడుతుంది. బ్యాంకు భయం కూడా వద్దు, మిషన్లో బొమ్మ ఉండదు, అంకెలు ఉంటాయి అంతే. అంకెల్లోంచి వేలు ఎవడూ తయారు చెయ్యలేడు.

---

పంచింగ్_మెకానిక్ | ఫిబ్రవరి 4, ఉదయం 7:15

విజయవాడలో ఈ మిషన్లు బిగించడం, బాగు చెయ్యడమే నా పని, పద్నాలుగేళ్ళయింది. సత్తిబాబు గారూ, "ఎవరు పెట్టినా పడుతుంది" అన్నారు చూశారా, మీ మిల్లులో ఉన్న జబ్బు అదే.

వేలు పెట్టగానే మిషను "ఇది ఎవరిది?" అని లోపల ఉన్న అందరి వేళ్ళతోనూ పోల్చి చూస్తుంది. లెవెలు తగ్గిస్తే, కొంచెం పోలిక ఉన్నా సరే అని ఒప్పేసుకుంటుంది. మనుషులు పెరిగేకొద్దీ తప్పు మనిషికి తగిలే అవకాశమూ పెరుగుతుంది. అప్పుడు రమణమ్మ వేలు పెడితే సుజాత హాజరు పడుతుంది. రమణమ్మకి మిషను "థాంక్యూ" అంటుంది కాబట్టి ఆవిడ లోపలికి వెళ్ళిపోతుంది. నెలాఖరులో రమణమ్మకి ఆబ్సెంటు, గొడవ.

మీ మిల్లులో ఇది జరుగుతోందో లేదో చూడాలంటే నెల లాగు, అంటే ఎవరిది ఎప్పుడు పడిందో చూపించే జాబితా, తియ్యండి. ఒకే మనిషికి పొద్దున్న రెండు మూడు నిమిషాల తేడాతో రెండు పంచ్‌లు పడి, అదే రోజు ఇంకొకరు ఆబ్సెంటు అయ్యారేమో వెతకండి. అలాంటివి రెండు కనిపిస్తే చాలు, లెవెలు మళ్ళీ పెంచాల్సిందే.

వేళ్ళు సరిగా పడనివాళ్ళకి సరైన దారి వేరే ఉంది. ముందు నంబరు నొక్కించి, లేదా కార్డు పెట్టించి, తర్వాత వేలు పెట్టించాలి. అప్పుడు మిషను ఆ ఒక్క మనిషి వేలితోనే పోల్చుతుంది కాబట్టి లెవెలు కొంచెం తక్కువున్నా ప్రమాదం తక్కువ.

యార్డు లెక్కల గారికి: ఏ మిషను మంచిదో ఇప్పుడే అడగొద్దు. ట్రయలు మిషను తెచ్చి, గోడౌను, షెడ్డులో ఉన్న 14 మందీ అయిదు రోజులు వాడాక, ఎవరికి ఎన్నిసార్లు పడలేదో కాగితం మీద రాసి ఇక్కడ పెట్టండి. ఎన్‌రోల్ చేసేటప్పుడు ఒక వేలు కాదు, రెండు చేతుల నుంచీ ఒక్కొక్కటి తీసుకోండి.

---

బడిపంతులు | ఫిబ్రవరి 4, ఉదయం 8:02

అయ్యా, ముఖం హాజరు గురించి నన్నడగండి. మా రాష్ట్రంలో టీచర్లకి 2022 ఆగస్టులో ఫోను యాప్‌లో పెట్టారు. మా ఊళ్ళో సిగ్నలు ఉండేది స్కూలు వెనక వేపచెట్టు కింద మాత్రమే. హెడ్మాస్టరు గారితో సహా అందరం పొద్దున్నే వేపచెట్టు కిందికి వెళ్ళి ఫోను మొహానికి పట్టుకుని నిలబడేవాళ్ళం. పిల్లలు ఏదో ప్రార్థన అనుకునేవాళ్ళు. సొంత ఫోనెందుకు వాడాలని అప్పట్లో సంఘాలు గొడవ చేశాయి కూడా. కాబట్టి ముఖం వద్దు.

---

పంచింగ్_మెకానిక్ | ఫిబ్రవరి 4, ఉదయం 8:30

మాస్టారూ, మీది ఫోను యాప్, నెట్టు ఉండాలి. వీళ్ళు అడిగేది గోడకి బిగించే మిషను. అది ముఖాన్ని లోపలే పోల్చుకుంటుంది, నెట్టు లేకపోయినా పనిచేస్తుంది. వేపచెట్టు సంగతి మాత్రం బాగుంది.

---

లలిత_హెచ్ఆర్ | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 1:20

మాది కాకినాడలో 40 మంది ఆఫీసు, థంబ్ మిషను. ఒక అనుభవం చెప్తాను. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుని వస్తారు కదా, వేలి కొసలకి టోపీలు పెట్టుకున్నవాళ్ళకి రెండు మూడు రోజులు థంబ్ పడేది కాదు. రంగు వల్లో, చర్మం మీద పొర వల్లో నాకు తెలీదు. ఆ రోజుల్లో నేనే చేత్తో హాజరు ఎక్కించేదాన్ని.

దానికంటే పెద్దది ఇంకోటి జరిగింది. ఒక నెల జీతాల లెక్క తీస్తే, ఒక రోజు మొత్తం ఆఫీసే రాలేదని చూపించింది! ముందు రోజు రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ కూడా దిగిపోయింది. మిషన్లో గడియారాన్ని నడిపే బొత్తాం బ్యాటరీ అప్పటికే అయిపోయినట్టుంది, కరెంటు వచ్చాక తేదీ 2000-01-01 నుంచి మొదలైంది. ఆ రోజు పంచ్‌లన్నీ 2000 సంవత్సరంలో కూర్చున్నాయి.

---

యార్డు_లెక్కలు | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 2:10

అమ్మో. మరి ఆ రోజు జీతాలు ఎలా ఇచ్చారండీ?

---

లలిత_హెచ్ఆర్ | ఫిబ్రవరి 4, సాయంత్రం 6:45

పంచ్‌ల వరస పోదు, టైము మాత్రమే తప్పు. మొదటి పంచ్ మా వాచ్‌మనుది, మిషను ప్రకారం 00:41కి. సీసీటీవీలో చూస్తే అతను వేలు పెట్టింది 8:52కి. అంటే తేడా 8 గంటల 11 నిమిషాలు. మిగతా పంచ్‌లన్నిటికీ అదే కలిపాను. 01:05 అన్నది 9:16 అయింది. ఇంకో ఇద్దరివి కూడా సీసీటీవీతో సరిచూస్తే నిమిషం తేడా లేకుండా సరిపోయింది. తర్వాత బ్యాటరీ మార్పించాం. మా మిషన్లో ఉన్నది మామూలు CR2032, కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ రోజు సీసీటీవీ కూడా లేకపోతే ఏం చేసేదాన్నో.

---

లెస్టర్_రవి | ఫిబ్రవరి 5, తెల్లవారుజాము 3:12

ఇక్కడ ఇంగ్లండులో ఉంటున్నాను, ఊరు తెనాలి పక్కన. ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను, మీకు పనికొస్తుందేమో చూడండి. 2024 ఫిబ్రవరిలో ఇక్కడి డేటా రక్షణ చట్టం ప్రకారం సమాచార కమిషనరు సెర్కో లీజర్ అనే సంస్థని, హాజరు కోసం ముఖం, వేలిముద్ర వాడటం ఆపెయ్యమని ఆదేశించారు. 38 కేంద్రాలు, 2 వేలకి పైగా ఉద్యోగులు. కమిషనరు అడిగింది సూటి ప్రశ్న: కార్డుతోనో, తాళంబిళ్ళతోనో జరిగే పనికి మనిషి శరీరం కొలత ఎందుకు తీసుకున్నారు? పైగా వద్దనే అవకాశం ఉద్యోగులకి నిజంగా ఇవ్వలేదని కూడా అన్నారు.

ఇక్కడి చట్టం మన దగ్గర నడవదనుకోండి. కానీ ప్రశ్న మంచిదే. మీ ఓనరు గారికి పట్టుకోవాల్సింది దొంగ సంతకం. దానికి 23 మంది వేళ్ళు కావాలా?

---

సత్తిబాబు_తణుకు | ఫిబ్రవరి 5, ఉదయం 9:00

రవి గారూ, కార్డు ఇస్తే ఒకడే అయిదు కార్డులు పట్టుకొచ్చి గీకుతాడు. మన సంగతి మీకు తెలీనిదా? అక్కడ ఇంగ్లండులో కుదురుతుందేమో.

మెకానిక్ గారూ, లాగు తీశాను. జనవరిలో మూడు చోట్ల మీరు చెప్పినట్టే ఉంది. ఒకే పేరుకి రెండు పంచ్‌లు, పక్కన ఇంకొకడు ఆబ్సెంటు. అలా ఆబ్సెంటు పడినవాళ్ళకి జీతం కూడా కోశాం. ఏం చెప్పమంటారు.

---

పంచింగ్_మెకానిక్ | ఫిబ్రవరి 5, ఉదయం 9:40

కోసిన జీతం ఇచ్చెయ్యండి, ఇంకేం చెప్తాను.

కార్డు విషయంలో మీరన్నది నిజమే, ఒకరి కార్డు ఇంకొకరు గీకడం దానికున్న పెద్ద లోపం. కానీ అది లాగులో కనిపిస్తుంది. వరసలో మనుషులు ఒకరి తర్వాత ఒకరు గీకితే మధ్యలో నాలుగైదు సెకన్లు పడుతుంది. జేబులోంచి అయిదు కార్డులు తీసి ఒకడే గీకితే ఒకటి రెండు సెకన్ల తేడాతో గుత్తిగా పడతాయి. సాఫ్ట్‌వేరు రిపోర్టులో సెకన్లు దాచేసి నిమిషాలే చూపిస్తారు, ముడి లాగు తియ్యాలి. అదే గుత్తి వారంలో మూడు రోజులు కనిపిస్తే ఎవరో తెలిసిపోతుంది. దానికి తోడు సూపర్‌వైజరు రోజుకో వేళలో ఒకసారి తలలు లెక్కపెడితే సరి.

కార్డుల్లో చవకైనవి కేవలం ఒక నంబరు చెప్తాయి, వాటికి నకలు తియ్యడం చాలా తేలిక. కొంచెం ఖరీదైన రకంలోనూ పాత తరం వాటి గుట్టు 2008లోనే బయటపడింది. హాజరుకి పర్లేదు కానీ, అదే కార్డుతో నగదు గది తలుపు తెరుచుకునేలా పెట్టొద్దు.

ఇంకొకటి. "అంకెల్లోంచి వేలు తయారు చెయ్యలేరు" అన్నారు మొన్న. గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ చీలాయి అన్న అంకెల నుంచి వేలిముద్ర బొమ్మని తిరిగి గీయొచ్చని పరిశోధకులు చేసి చూపించారు. అందరికీ చేతనయ్యే పని కాదు, కానీ "ఎవడూ చెయ్యలేడు" అనేది తప్పు.

---

అడ్వకేట్_పద్మజ | ఫిబ్రవరి 5, రాత్రి 8:30

బ్యాంకు భయం గురించి కొంచెం. ఆఫీసు మిషను ఆధార్‌తో కలిసి ఉండదు. మీ మిషన్లో దాచిన టెంప్లేటుని, అంటే ఆ అంకెల్ని, తీసుకెళ్ళి ఆధార్ దగ్గర పెడితే పనిచెయ్యదు. కానీ భయం గాల్లోంచి పుట్టింది కాదు. 2018లో తెలంగాణలో ఒక సిమ్ డీలరు భూమి రిజిస్ట్రేషను పత్రాల మీది వేలిముద్రల నుంచి రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్‌లు యాక్టివేటు చేశాడు. అక్కడ లీకైంది కాగితం మీది ముద్ర, అంటే అసలు బొమ్మే. మీవాళ్ళకి భయం తీరాలంటే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోమనండి, ఆఫీసు మిషను ఉన్నా లేకపోయినా పనికొస్తుంది.

చట్టం సంగతి: చాలామంది అనుకునేది "సంతకం తీసుకుంటే చాలు" అని, ఇంకొందరు "సంతకం లేకపోతే నేరం" అని. ప్రస్తుతానికి 2011 నాటి ఐటీ నియమాల్లో బయోమెట్రిక్ సున్నితమైన సమాచారం, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. 2023 డేటా రక్షణ చట్టంలో ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే వాడుకునే వీలు 7వ సెక్షనులో ఉంది. అందులోని ప్రధాన బాధ్యతలు అమల్లోకి వచ్చేది 2025 నవంబరు నోటిఫికేషను నుంచి 18 నెలలకి, అంటే 2027 మేలో. సమ్మతి అక్కర్లేదంటే బాధ్యత లేదని కాదు. అవసరం తీరాక చెరిపెయ్యాలి, భద్రంగా ఉంచాలి. మీ తరఫున డీలరు దగ్గర సమాచారం ఉంటే దానికీ మీదే పూచీ.

హాజరుకి ఏడాది కిందటి వేలిముద్ర, మానేసిన మనిషిది, ఇంకా మిషన్లో ఎందుకుందని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబుండాలి.

---

యార్డు_లెక్కలు | ఫిబ్రవరి 11, రాత్రి 10:20

ట్రయలు అయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మొదటి రోజు ఎన్‌రోల్ చేస్తుంటేనే తొడిమలు తీసే 8 మందిలో ఇద్దరివి మిషను తీసుకోలేదు. మూడుసార్లు నొక్కాలి కదా, మూడోసారికి "మళ్ళీ పెట్టండి" అంటుంది. కుడి బొటనవేలు, చూపుడువేలు పూర్తిగా నున్నగా ఉన్నాయి. తొడిమ తుంచేది ఆ రెండు వేళ్ళతోనే. ఒకావిడ చెయ్యి వెలుతురులో పెట్టి చూస్తే గీతలు కనబడలేదు, అద్దంలా ఉంది. ఎడమచేతి ఉంగరం వేలు పెడితే ఒకావిడకి పడింది, ఇంకొకావిడకి అదీ లేదు. ఎన్‌రోల్ అయినవాళ్ళలో కూడా ముగ్గురికి రోజులో ఒకసారైనా తిప్పలే.

మొదటి రోజు పొద్దున్న 14 మంది వేళ్ళు పెట్టడానికి 11 నిమిషాలు. అయిదో రోజుకి 6 నిమిషాలకి దిగింది. కార్డులతో ఒక రోజు చూశాం, రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

నేను ఊహించనిది ఒకటి జరిగింది. మూడో రోజు సాయంత్రం మా టైపిస్టు అబ్బాయి షెడ్డు వాళ్ళ తర్వాత వేలు పెట్టి, అలవాటుగా కన్ను నులుముకున్నాడు. ఇక చూడండి! మిషను అద్దం మీద మిర్చి జిడ్డు. పావుగంట కుళాయి దగ్గరే ఉన్నాడు. అద్దం మీద జిడ్డు పేరుకున్న సాయంత్రాల్లోనే ఆఫీసు వాళ్ళవి కూడా సరిగా పడలేదని తర్వాత గమనించాను.

ముఖం: షెడ్డులో ఘాటుకి అందరూ కొంగో, తువ్వాలో ముక్కు మీదికి కట్టుకుంటారు. తీసి నిలబడితే పడుతోంది. కానీ మేము తలుపుకి ఎదురు గోడకి బిగించాం, తలుపు తూర్పు. పొద్దున్న ఎనిమిదిన్నరకి వెనక నుంచి ఎండ, ముందున్న మనిషి నల్లటి నీడలా కనబడుతున్నాడు. మూడో రోజు పక్క గోడకి మారిస్తే బాగుపడింది. ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం "మా ఫొటో మిషన్లో వద్దు" అన్నారు. నేను బలవంతం చెయ్యలేదు.

---

లలిత_హెచ్ఆర్ | ఫిబ్రవరి 11, రాత్రి 10:50

మీ టైపిస్టుకి పాపం 🙂

ఒకటి అడగనా? తొడిమలు తీసేవాళ్ళకి రోజు కూలా, కిలోల లెక్కా?

---

యార్డు_లెక్కలు | ఫిబ్రవరి 11, రాత్రి 10:55

కిలోల లెక్కేనండీ. సాయంత్రం కాటా వేసి పుస్తకంలో రాస్తాం.

---

లలిత_హెచ్ఆర్ | ఫిబ్రవరి 11, రాత్రి 11:02

మరి వాళ్ళు 8:30కి వచ్చారా 8:45కి వచ్చారా అన్నది మీకెందుకు? తక్కువ తుంచితే తక్కువ డబ్బులు. ఎవరొచ్చారో కాటా పుస్తకమే చెప్తోంది. మీకున్న తిప్పలన్నీ ఆ 8 మందితోనే, వాళ్ళకే మిషను అక్కర్లేదు.

---

యార్డు_లెక్కలు | ఫిబ్రవరి 11, రాత్రి 11:15

...

నిజమే. వారం రోజులు వాళ్ళ వేళ్ళతో కుస్తీ పట్టాను. ఒక్కసారి కూడా తట్టలేదు.

ఓనరు గారు "లోపల ఎంతమంది ఉన్నారో తెలియాలి కదా, నిప్పంటుకుంటే?" అనొచ్చు. దానికి గేటు దగ్గర తలల లెక్క చాలు.

---

పంచింగ్_మెకానిక్ | ఫిబ్రవరి 12, ఉదయం 7:05

లలిత గారి ప్రశ్న నేను మొదటి రోజే అడగాల్సింది. మిషన్లు బిగించేవాడికి అన్నీ గోడల్లాగే కనబడతాయి.

ఇక మిగిలింది 15 మంది. గోడౌను 6 మందికి మామూలుగా కార్డు, సెకన్ల లాగు చాలు. ఆఫీసు 9 మందికి కూడా నేనైతే కార్డే అంటాను. దొంగ సంతకం జరిగింది గోడౌన్‌లోనా, ఆఫీసులోనా?

---

యార్డు_లెక్కలు | ఫిబ్రవరి 12, ఉదయం 8:10

గోడౌన్‌లో. అందుకే ఓనరు గారు ఆ ఆరుగురికి కార్డుతో పాటు వేలు కూడా ఉండాలంటున్నారు. వాళ్ళ వేళ్ళు బాగానే పడ్డాయి. ఆఫీసుకి ముఖం పెడదామని ఇంకా అంటున్నారు, పక్కవాళ్ళకి ఉంది కాబట్టి. కార్డు ఒప్పుకుంటారో లేదో.

ట్రయలు మిషను నిన్న సాయంత్రం డీలరు కుర్రాడు వచ్చి పట్టుకుపోయాడు.

---

పంచింగ్_మెకానిక్ | ఫిబ్రవరి 12, ఉదయం 8:14

ఆగండాగండి. పట్టుకుపోయే ముందు చెరిపారా?

---

యార్డు_లెక్కలు | ఫిబ్రవరి 12, ఉదయం 8:20

చెరపడమా? లేదండీ. ప్లగ్గు పీకి ఇచ్చేశాను.

---

అడ్వకేట్_పద్మజ | ఫిబ్రవరి 12, ఉదయం 8:41

అంటే 22 మంది వేళ్ళు, ఫొటో వద్దన్న ఇద్దరు పోగా మిగతావాళ్ళ ముఖాలూ ఇప్పుడు ఎవరో ఇంకొకరి ట్రయలుకి బయల్దేరాయన్నమాట. ఈరోజే వెళ్ళండి.

---

పంచింగ్_మెకానిక్ | ఫిబ్రవరి 12, ఉదయం 8:50

కంగారు పడకండి, కానీ ఈరోజే. అందులో మూడు చోట్ల చూడాలి.

ఒకటి మిషను. మెనూలో డేటా విభాగంలో మొత్తం చెరిపే ఆప్షను ఉంటుంది. పంచ్‌లు మాత్రమే చెరిపేది వేరే ఉంటుంది, పొరపాటున అది నొక్కి అయిపోయిందనుకుంటారు. యూజర్లతో సహా అన్నీ పోవాలి. తర్వాత మిషను సమాచారం పేజీలో యూజర్లు, వేళ్ళు, ముఖాలు మూడూ సున్నా చూపించాలి.

రెండు, డీలరు లాప్‌టాపు. ట్రయలప్పుడు రిపోర్టు తీయడానికి డౌన్‌లోడు చేశాడా? పాత సాఫ్ట్‌వేరు అయితే `att2000.mdb` అనే ఫైలు ఉంటుంది, వేళ్ళ టెంప్లేట్లు అందులోని `TEMPLATE` అనే టేబుల్లో పడి ఉంటాయి. మిషను చెరిపినా అది చెరగదు.

మూడు, పెన్‌డ్రైవు. రిపోర్టు దేనిమీద ఇచ్చాడో అడగండి.

లాప్‌టాపులో పైథాన్ ఉంటే, మిషను పోర్టు 4370 మీద మాట్లాడే రకమైతే, `pyzk` వేసుకుని, మిషను ఐపీ నంబరు పెట్టి ఇలా చూడొచ్చు. గడియారం కూడా చెప్తుంది:

```
from zk import ZK
c = ZK('192.168.1.201', port=4370, password=0).connect()
print(c.get_time())
print(len(c.get_users()), len(c.get_templates()))
c.disconnect()
```

చివరి వరసలో రెండూ 0 రావాలి. ఇది వేళ్ళ లెక్కే, ముఖాలకి మిషను స్క్రీను చూడాల్సిందే. ఇంకో సంగతి గమనించారా? అక్కడ పాస్‌వర్డు 0. కొత్త మిషను పెట్టెలోంచి వచ్చేటప్పుడు అలాగే ఉంటుంది, చాలామంది మార్చరు. అంటే మీ వైఫై తెలిసిన ఎవరైనా ఈ అయిదు లైన్లతో మీ అందరి టెంప్లేట్లూ లాక్కోవచ్చు. మీరు కొనేదానికి మొదటి రోజే మార్చండి.

---

సత్తిబాబు_తణుకు | ఫిబ్రవరి 12, ఉదయం 9:30

మా మిల్లుది ఇప్పుడే చూశాను. 0 యే. మానేసినవాళ్ళతో కలిపి 71 మంది ఉన్నారు లోపల. ఇప్పుడు పనిచేసేది 38 మంది.

---

యార్డు_లెక్కలు | ఫిబ్రవరి 12, రాత్రి 9:55

వెళ్ళొచ్చాను. డీలరు మంచివాడే, ఏమీ అనలేదు, "ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ" అన్నాడు. మిషను నా ముందే చెరిపాడు. మొదట పంచ్‌లు మాత్రమే చెరిపి "అయిపోయింది" అన్నాడు, మీరు చెప్పినట్టే. మళ్ళీ చేయించి, మూడూ సున్నా అని చూసుకున్నాను. పెన్‌డ్రైవు వాడలేదట.

లాప్‌టాపులో మాది ఒక ఫోల్డరు ఉంది, మా పేరుతోనే. లోపల అదే ఫైలు. తీయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాను. కానీ దాని పక్కన ఇంకా పదో పన్నెండో ఫోల్డర్లు ఉన్నాయి, ఊళ్ళో పేర్లే, రెండు మా వీధివే. ఒకటి చిన్న నర్సింగ్ హోము. నేను చూస్తున్నానని గమనించి స్క్రీను మీది విండో మూసేశాడు.

వాళ్ళకి ఫోను చెయ్యాలా వద్దా అని ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నాను. పద్మజ గారూ, మీరేమంటారు?